గుడ్డు వద్దన్న పేషెంట్: ఒక డైటెటిక్స్ విద్యార్థిని రిఫ్లెక్షన్

డైటెటిక్స్ కోర్సులో తరగతి గది చదువు అయ్యాక కొన్ని నెలలు ఆసుపత్రిలో పనిచేయాలి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు వెళ్లాలన్నా ఈ ఇంటర్న్‌షిప్ ఉండి తీరాలి. ఆ నెలల్లో విద్యార్థిని వార్డులు తిరుగుతుంది. పేషెంట్లు ఏం తింటున్నారో అడిగి రాసుకుంటుంది. లెక్కలు కట్టి డైట్ చార్టు తయారుచేస్తుంది. సీనియర్ డైటీషియన్ పర్యవేక్షణలో సలహా చెబుతుంది. ప్లేస్‌మెంట్ ముగిశాక కేస్ స్టడీలతో పాటు రిఫ్లెక్షన్ అనే మరో రాత కూడా కొన్ని కళాశాలలు అడుగుతున్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఆరోగ్య వృత్తుల చదువుల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. పనిలో ఎదురైన ఒక్క సందర్భాన్ని తీసుకుని, అక్కడ ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, మళ్లీ అలాంటిదే ఎదురైతే ఏం చేయాలి అన్నది విద్యార్థిని తన మాటల్లో కొన్ని పేజీలు రాయాలి.

ఈ రాతకు విద్యార్థులు తరచు ఎంచుకునేది సలహాకు ఒప్పుకోని పేషెంట్‌నే. చెప్పిందానికి తలూపి వెళ్లిపోయినవాళ్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ దొరకదు. వాళ్లు ఇంటికెళ్లి ఏం తిన్నారో ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చుని కాదన్నవాళ్లు మాత్రం తమ కారణాన్ని బయటపెడతారు. ఆ కారణం వెనక పాత సలహాలు, ఇంటి వంట, పూజలు, చేతిలో ఉన్న రిపోర్టులు అన్నీ ఉంటాయి. వాటిని విప్పి చూడటానికి కేస్ షీట్‌లో చోటు ఉండదు. అందులో బరువు, రక్తపరీక్షలు, తిండి వివరాలు, పోషకాహార సమస్య, ఇచ్చిన సలహా, తర్వాత చూడాల్సినవి మాత్రమే రాస్తారు. పేషెంట్ ఒప్పుకోకపోతే అది ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లలో అమెరికా పండితుడు డొనాల్డ్ షాన్ ముఖ్యుడు. అనుభవజ్ఞులు పని చేస్తూనే ఎలా ఆలోచిస్తారో, పని అయ్యాక దాన్ని ఎలా తిరిగి చూసుకుంటారో 1983లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వివరించాడు. విద్యార్థులు ఎక్కువగా వాడే చట్రం మాత్రం గ్రాహం గిబ్స్‌ది. ఆయన ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్‌లో ఉండగా 1988లో దాన్ని ప్రచురించాడు. అందులో ఆరు మెట్లు ఉన్నాయి. జరిగింది రాయడం, అప్పుడు మనసులో ఏమనిపించిందో రాయడం, ఏది బాగా జరిగిందో ఏది జరగలేదో తేల్చడం, కారణాలు వెతకడం, ఒక నిర్ణయానికి రావడం, తర్వాత ఏం చేయాలో రాసుకోవడం. వీటిలో బరువంతా నాలుగో మెట్టు మీద, అంటే కారణాలు వెతకడం మీద ఉంటుంది. విద్యార్థుల రాతలు తేలిపోయేదీ అక్కడే.

ఒక ఉదాహరణ చూస్తే ఇది తెలుస్తుంది. డయాలిసిస్ యూనిట్లలో పనిచేసే డైటీషియన్లకు తరచు ఎదురయ్యే విషయాలతో కూర్చిన కేసు ఇది. ఏ ఒక్క వ్యక్తి కథా కాదు.

పేషెంట్‌కు యాభై రెండేళ్లు. నాలుగేళ్లుగా కిడ్నీ జబ్బు ఉంది. ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాల్లో డయాలిసిస్ చేయించుకుంటోంది. డయాలిసిస్‌తో ఒంట్లో చేరిన నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. ఈమెకు అది 48 కిలోలు. రక్తంలో అల్బుమిన్ తక్కువగా ఉంది. నీరసం, ఆకలి లేకపోవడం ఉన్నాయి. యూనిట్ డైటీషియన్ ఈమెను ఇంటర్న్‌షిప్ విద్యార్థినికి అప్పగించి, ప్రొటీన్ పెంచేలా చార్టు వేయమంది.

ఇక్కడ కిడ్నీ జబ్బు పథ్యంలో ఉన్న పెద్ద మలుపు ఒకటి తెలియాలి. డయాలిసిస్ మొదలుకాకముందు, కిడ్నీలు ఇంకా కొంత పనిచేస్తున్న దశలో, వాటి మీద భారం తగ్గించడానికి ప్రొటీన్ తగ్గిస్తారు. రోగి పరిస్థితిని బట్టి శరీర బరువులో కిలోకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాముల దగ్గర ఆపుతారు. డయాలిసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ఒక్కో విడత డయాలిసిస్‌లో సుమారు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు వడపోతలో బయటికి పోతాయి. కండ కూడా త్వరగా కరుగుతుంది. అందుకే అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో సవరించిన మార్గదర్శకాలు డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ ఉండాలంటాయి. 48 కిలోల మనిషికి అది రోజుకు 48 నుంచి 58 గ్రాములు. నిన్నటిదాకా మానమన్న పప్పు, గుడ్డు, చేపలనే ఈరోజు తినమని చెప్పాల్సి వస్తుంది.

విద్యార్థిని చార్టు ఈ లెక్క ప్రకారమే ఉంది. రోజుకు మూడు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం ఒక చిన్న కప్పు పెసరపప్పు, ఆదివారం చేప. తెల్లసొనే ఎందుకంటే గుడ్డులోని ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది. డయాలిసిస్ రోగుల రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటే ఎముకలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. చార్టులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇబ్బంది దాన్ని ఇవ్వబోయినప్పుడు వచ్చింది.

మిషన్ నడుస్తుండగా విద్యార్థిని మంచం పక్కన నిలబడి చార్టు చదివి వినిపించింది. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి పేషెంట్ ఆపేసింది. “వద్దమ్మా. పప్పూ గుడ్డూ మాని నాలుగేళ్లయింది. అప్పుడు డాక్టరుగారే మానమన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి తినమంటే నేనెవరి మాట వినాలి?” అంది. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లు ప్రొటీన్ తినాలని, లేకపోతే ఇంకా నీరసపడతారని విద్యార్థిని చెప్పింది. పేషెంట్ దిండు కింద నుంచి రిపోర్టుల కవరు తీయించింది. “చూడు, మొదట్లో క్రియాటినిన్ తొమ్మిదుండేది. ఇప్పుడు ఏడు. నోరు కట్టుకోబట్టే కదా తగ్గింది?” అంది. విద్యార్థిని తన మాటే మళ్లీ చెప్పింది. పేషెంట్ ముఖం అటు తిప్పుకుంది. పక్కనున్న కోడలు చార్టు అందుకుని, “సరేనమ్మా, మేం చూసుకుంటాంలే” అని మడిచి బ్యాగులో పెట్టుకుంది. సలహా చెప్పినట్టు, పేషెంట్ సహకరించనట్టు ఆ సాయంత్రం కేస్ షీట్‌లో నమోదైంది.

రిఫ్లెక్షన్ తొలి ప్రతిలో విద్యార్థిని ఇలా రాసింది: “పేషెంట్‌కు చదువు లేకపోవడం వల్ల ప్రొటీన్ అవసరం అర్థం కాలేదు. ఎంత చెప్పినా వినలేదు. పేషెంట్లతో ఓపికగా మాట్లాడటం ముఖ్యమని ఈ అనుభవం నాకు నేర్పింది.” పర్యవేక్షించే డైటీషియన్ మొదటి రెండు వాక్యాల కింద గీత గీసి పక్కన ఒక ప్రశ్న రాసింది: “ఇది విన్నదా, ఊహించిందా?” మూడో వాక్యానికి ఎదురుగా, ఈ మాట ఏ పేషెంట్ గురించైనా రాయొచ్చు కదా అని రాసింది.

ఈ రెండు ప్రశ్నల్లోనే రిఫ్లెక్షన్‌ను దిద్దే పద్ధతంతా ఉంది. విన్నదీ చూసిందీ ఒక పక్క, దానికి తాను ఇచ్చుకున్న అర్థం మరో పక్క రాసుకోవాలి. కొందరు విద్యార్థులు కాగితాన్ని నిలువుగా మడిచి రెండు వరుసల్లో రాసుకుంటారు. ఎడమ పక్కన పేషెంట్ అన్న మాటలు వీలైనంతవరకు ఆమె మాటల్లోనే రాయాలి. అదే రోజు రాసుకోకపోతే ఆ మాటలు జారిపోయి వాటి సారాంశమే మిగులుతుంది. సారాంశంలో రాసేవాళ్ల అభిప్రాయం కలిసిపోయి ఉంటుంది. ఇక్కడ ఎడమ వరుస చూస్తే, పేషెంట్ ఎక్కడా ప్రొటీన్ అంటే ఏమిటో తెలియదనలేదు. ఆమె అన్నవి మూడు మాటలు. డాక్టరే మానమన్నాడు, ఎవరి మాట వినాలి, క్రియాటినిన్ తగ్గింది. మొదటిది జరిగిన విషయం. రెండోది ప్రశ్న. మూడోది రుజువు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ రుజువును ఎవరూ చూడలేదు.

రెండో ప్రతిలో విద్యార్థిని ముందుగా తాను రాసుకున్న తిండి వివరాల దగ్గరికే తిరిగి వెళ్లింది. క్రితం రోజు ఏం తిన్నారో పొద్దున లేచిన దగ్గర్నుంచి అడిగి రాసుకునే పద్ధతిలో పేషెంట్ చెప్పినవి ఇవి. పొద్దున మూడు ఇడ్లీలు, కొద్దిగా చట్నీ. మధ్యాహ్నం అన్నం, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. సాయంత్రం టీ. రాత్రి అన్నం, బీరకాయ కూర. ఇడ్లీకి రెండు గ్రాముల చొప్పున ఆరు గ్రాముల ప్రొటీన్. రెండు పూటలా కలిపి 200 గ్రాముల బియ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే 16 గ్రాములు. కూరలు, చట్నీలో మూడు. మజ్జిగ, టీలోని పాల నుంచి నాలుగు. మొత్తం 29 గ్రాములు.

ఆ 29ని 48 కిలోలతో భాగిస్తే కిలోకు 0.6 గ్రాములు వస్తుంది. డయాలిసిస్‌కు ముందు ఆమెకు చెప్పి ఉండే కొలత అదే. ఈ ఒక్క లెక్క కేసు మొత్తాన్ని మార్చేసింది. సహకరించలేదని కేస్ షీట్‌లోకి ఎక్కిన మనిషి, నాలుగేళ్ల కింద ఒక డాక్టర్ చెప్పిన పథ్యాన్ని గ్రాము తేడా లేకుండా పాటిస్తోంది. డయాలిసిస్ మొదలైన రోజున ఆ పథ్యం ఇక అక్కర్లేదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొత్త సలహా పాత సలహాను రద్దు చేస్తోందన్న సంగతి చార్టులోనూ లేదు, విద్యార్థిని మాటల్లోనూ లేదు. పేషెంట్ వైపు నుంచి చూస్తే, ఒక పెద్ద డాక్టర్ మాటకు ఒక చదువుకునే అమ్మాయి ఎదురు చెబుతోంది. అలాంటప్పుడు పాత మాటనే పట్టుకోవడం బుద్ధిమంతులు చేసే పనే.

ఆ పాత మాటను నిలబెట్టేవి ఇంకా ఉంటాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఊళ్లలో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి ప్రాంతాల్లో, ఒకరికి చెప్పిన పథ్యం ఇంకొకరికి నోటి మాటగా చేరుతుంది. ఎవరు ఏ దశలో ఉన్నారన్న వివరం ఆ మాటతో పాటు ప్రయాణించదు. కిడ్నీకి పప్పు పడదు అన్న ముక్కే మిగులుతుంది. కోడలు వంటింట్లో పప్పు వండటం మానేసింది కూడా అత్తగారి మేలు కోరే.

క్రియాటినిన్ సంగతి ఇంకా లోతైనది. చాలామంది కిడ్నీ రోగులు తమ ఆరోగ్యాన్ని ఈ ఒక్క అంకెతోనే కొలుచుకుంటారు. డయాలిసిస్‌కు ముందు అది సబబే. పెరుగుతుంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు, నిలకడగా ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టు. కానీ క్రియాటినిన్ పుట్టేది కండరాల్లో. డయాలిసిస్ అదే పద్ధతిలో జరుగుతూ, కిడ్నీలు కోలుకున్న సూచనలేవీ లేకుండా, విడతకు ముందు తీసే క్రియాటినిన్ నెలల తరబడి తగ్గుతూ వస్తోందంటే, ఒంట్లో కండ తరిగిపోతోందేమోనని అనుమానించాలి. పేషెంట్ తన కష్టానికి ఫలితంగా చూపిన అంకె, ఆమెకు ప్రొటీన్ చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. అంకె నిజమే. దాన్ని అర్థం చేసుకునే తీరు డయాలిసిస్‌తో మారిందని ఆమెకు తెలియదు. ఆ కాగితాన్ని విద్యార్థిని చేతిలోకి తీసుకుని చూసి ఉంటే సంభాషణ అక్కడి నుంచే వేరే దారి పట్టేది.

బరువు కూడా ఇలాగే మోసం చేస్తుంది. పేషెంట్ బరువు ఎనిమిది నెలలుగా 48 దగ్గరే ఉంది. తిండి సరిపోతోందనడానికి ఆమె దాన్నీ చూపించగలదు. అయితే డయాలిసిస్ రోగుల్లో కండ తగ్గిన మేరకు నీరు చేరి బరువు అంతే కనిపించవచ్చు. అలాంటప్పుడు బీపీ పెరుగుతుంది, ఆయాసం రావచ్చు. డ్రై వెయిట్‌ను కిందికి సవరించాల్సి వస్తుంది. చేతులు చూస్తే కొంత తెలుస్తుంది. ఈమె గాజులు మణికట్టు నుంచి జారకుండా దారంతో కట్టుకుంది. విద్యార్థిని దాన్ని మొదటి రోజే గమనించింది కానీ, ఏదో మొక్కు అనుకుని రాసుకోలేదు. రెండో ప్రతిలో అది విశ్లేషణలోకి వచ్చింది.

మనసులో ఏమనిపించింది అన్న మెట్టు దగ్గర విద్యార్థులు రెండు విధాలుగా దారి తప్పుతారు. కొందరు దాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు, కొందరు పేజీ అంతా తమను తామే నిందించుకుంటారు. ఆ భావం వల్ల సంభాషణలో ఏం మారిందో రాస్తేనే అది పనికొస్తుంది. ఈ విద్యార్థిని, చుట్టూ నాలుగు మంచాల వాళ్లు వింటున్నారని ఇబ్బంది పడ్డానని, తన లెక్క సరైనదని నిరూపించాలన్న తొందర వల్లే అదే వాక్యం రెండోసారి చెప్పానని రాసింది. ఎదుటివాళ్ల మాట తప్పనిపించగానే సరిదిద్దేయాలన్న ఈ ఆత్రం గురించి విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే మనస్తత్వవేత్తలు విస్తారంగా రాశారు. ఇప్పుడు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పేరుతో చాలా ఆరోగ్య వృత్తుల్లో నేర్పే పద్ధతి వాళ్లు రూపొందించిందే. మార్పు కావాలా వద్దా అని ఊగిసలాడుతున్న మనిషికి మనం ఒక వైపు వాదన గట్టిగా వినిపిస్తే, ఆ మనిషి రెండో వైపు వాదనను తానే గట్టిగా వినిపించుకుంటుంది. అలా వినిపించుకున్నకొద్దీ అది ఆమెలో ఇంకా బలపడుతుంది.

దీనికి ఆ పద్ధతి చెప్పే మందు తేలికైనదే. ముందు అడగాలి, తర్వాత అనుమతి తీసుకుని కొద్దిగా చెప్పాలి, మళ్లీ అడగాలి. రెండు విడతల తర్వాత విద్యార్థిని అలాగే చేసింది. ఈసారి స్టూలు వేసుకుని కూర్చుని, “అమ్మా, మొదట్లో మిమ్మల్ని ఏమేం మానమన్నారో చెప్తారా?” అని మొదలుపెట్టింది. పేషెంట్ పది నిమిషాలు చెప్పింది. పప్పు మానలేక మొదటి నెల ఏడ్చిన సంగతి, మనవడు గుడ్డు తింటుంటే పక్క గదిలోకి వెళ్లిపోయే సంగతి, శనివారం ఒక్కపొద్దు ఉండి రాత్రి ఉప్మాతో సరిపెట్టుకునే సంగతి ఇవన్నీ అప్పుడే బయటికొచ్చాయి. శనివారం డయాలిసిస్ రోజు కూడా. ప్రొటీన్ ఎక్కువగా పోయే రోజునే ఆమె అన్నిటికన్నా తక్కువ తింటోంది. మొదటి రోజు తీసుకున్న వివరాలు మామూలు రోజువి కాబట్టి ఇది వాటిలో కనిపించలేదు.

ఆ తర్వాత విద్యార్థిని, ఆ క్రియాటినిన్ గురించి ఒక మాట చెప్పొచ్చా అని అడిగింది. అది కండ నుంచి వస్తుందని, ఆమె గాజులు వదులవడానికీ ఆ అంకె తగ్గడానికీ సంబంధం ఉండొచ్చని చెప్పి ఆపేసింది. పాత పథ్యం మార్చే మాట మాత్రం తాను చెప్పలేదు. ప్రొటీన్ పెంచడం గురించి రౌండ్స్‌కు వచ్చే నెఫ్రాలజిస్ట్‌తోనే ఒక్క మాట చెప్పించమని సీనియర్‌ను అడిగింది. డాక్టర్ మానమన్న దాన్ని డాక్టరే తినమంటే, ఎవరి మాట వినాలన్న ప్రశ్న పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. డయాలిసిస్ వారానికి రెండుసార్లే జరుగుతున్నా, మూత్రం ఇంకా బాగా వస్తున్నా, పొటాషియం ఎక్కువగా ఉన్నా ఈ కొలతలు మారవచ్చు. ఆ నిర్ణయం విద్యార్థిని పరిధిలోనిది కాదు.

ఒప్పందం చార్టులో ఉన్నదానికన్నా తక్కువ దగ్గర కుదిరింది. గుడ్డు మంగళ, శనివారాలు వద్దంది పేషెంట్. మిగతా రోజుల్లో రెండు తెల్లసొనలు తింటానంది, పచ్చసొన మనవడికి. పప్పు ముప్పై గ్రాములు కాదు, మొదట ఇరవై. దాన్ని ఎలా వండాలో కోడలితో మాట్లాడాల్సి వచ్చింది. పొటాషియం తగ్గించడానికి పెసరపప్పును ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయాలి. తెలుగిళ్లలో పప్పు కట్టును పారబోయరు, చారులో పోస్తారు. ఆ చారు అత్తగారి గిన్నెలోకి వెళితే తీసేసిన పొటాషియం తిరిగి వచ్చేస్తుంది, పైగా రోజుకు తాగాల్సిన నీళ్ల కొలతా దాటుతుంది. కాబట్టి ఆమె పప్పు వేరే చిన్న గిన్నెలో ఉడకాలి, లేదా ఆ చారు ఇంట్లో మిగతావాళ్లకే వడ్డించాలి. ఫాస్ఫరస్‌ను కట్టేసే మాత్ర భోజనం మధ్యలో వేసుకోవాలన్నది కూడా అప్పుడే తెలిసింది. అప్పటిదాకా ఆమె దాన్ని మిగతా మాత్రలతో కలిపి పరగడుపున వేసుకుంటోంది. తిండితో కలవని ఆ మాత్ర చేసే పని దాదాపు ఏమీ లేదు.

వారం తర్వాత తీసిన తిండి వివరాల్లో గుడ్డు తిన్న రోజున ప్రొటీన్ సుమారు 41 గ్రాములు వచ్చింది. పాత 29కి రెండు తెల్లసొనల నుంచి ఏడు, పప్పు నుంచి దాదాపు ఐదు కలిశాయి. శనివారం ఇంకా 30 దగ్గరే ఉంది. లక్ష్యం 48. రిఫ్లెక్షన్‌లో ఈ అంకెలు ఇలాగే ఉండాలి. కొందరు విద్యార్థులు చివరికి పేషెంట్ పూర్తిగా మారిపోయినట్టు రాస్తారు. దిద్దేవాళ్లు అలాంటి ముగింపు చూసి మార్కులు పెంచరు, అనుమానిస్తారు. నాలుగేళ్ల అలవాటు ఒక వారంలో సగం దూరం జరిగిందంటే అది నమ్మదగిన విషయం.

పేషెంట్ ఇప్పటికీ వద్దని ఉంటే? అప్పుడూ రిఫ్లెక్షన్ ఆగిపోదు. తెలివిలో ఉన్న పెద్ద మనిషికి సలహా కాదనే హక్కు ఉంది. విషయం ఆమెకు తెలిసేలా చెప్పామా, కారణం విన్నామా, మళ్లీ మాట్లాడే తలుపు తెరిచి ఉంచామా అన్నవే అప్పుడు విశ్లేషణలో తేలాలి. కేస్ షీట్‌లో కూడా సహకరించలేదు అనే బదులు, ఏ సలహా ఇచ్చామో, ఏది వద్దన్నారో, ఏ కారణం చెప్పారో రాయాలి. సహకరించలేదన్న ముద్ర చూసిన తర్వాతి డ్యూటీ డైటీషియన్ ఆ మంచం దగ్గర ఆగకపోవచ్చు. ముందటి డాక్టర్ సలహా మేరకు నాలుగేళ్లుగా పప్పు, గుడ్డు మానేశారు, కొత్త సలహా మీద సందేహం ఉంది అని రాస్తే మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలుస్తుంది.

ఇలాంటి రాతలో పేషెంట్ గోప్యత మరో చిక్కు. పేరు, ఊరు, ఆసుపత్రి నంబరు తీసేస్తే చాలదు. మంచం నంబరు, డయాలిసిస్ వారాలు, వయసు, కుటుంబం వృత్తి కలిపితే చిన్న పట్టణంలో మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు. విశ్లేషణకు పనికిరాని వివరాన్ని తీసేయాలి, పనికొచ్చేదాన్ని మార్చి ఆ సంగతి చెప్పాలి. రిపోర్టు ఫొటోలు జతచేయడం ఎప్పుడూ పనికిరాదు.

ఆఖరి మెట్టు కార్యాచరణ. ఓపిగ్గా ఉంటాను, సంభాషణ నైపుణ్యం పెంచుకుంటాను అని రాసినవాటిని ఎవరూ సరిచూడలేరు. ఈ విద్యార్థిని రాసుకున్నవి ఇలా ఉన్నాయి. డయాలిసిస్ కొత్తగా మొదలైన ప్రతి పేషెంట్‌ను చార్టు వేయకముందే ఏమేం మానమన్నారు, ఎవరు, ఎప్పుడు అని అడగాలి. తిండి వివరాలు ఒక డయాలిసిస్ రోజువి, ఒక మామూలు రోజువి, ఒక్కపొద్దు ఉంటే ఆ రోజువీ విడివిడిగా తీయాలి. పేషెంట్ రిపోర్టు చూపిస్తే చేతిలోకి తీసుకుని, దాని నుంచి ఆమెకు ఏమర్థమైందో ముందు అడగాలి. వచ్చే ఇద్దరు కొత్త పేషెంట్లతో మాట్లాడేటప్పుడు సీనియర్ పక్కన కూర్చుని, మొదటి ఐదు నిమిషాల్లో ఎవరెంతసేపు మాట్లాడారో రాయాలి.

ఈ రాత చెప్పలేనివి కొన్ని ఉంటాయి, వాటిని చెప్పినట్టు చూపకూడదు. పేషెంట్ మనసు మారింది డాక్టర్ మాట వల్లా, గాజుల గురించి విన్నాకా, లేక తన గోడు ఎవరో కూర్చుని విన్నందుకా అన్నది విద్యార్థిని తేల్చలేదు. మూడూ సాధ్యమే అని రాసి వదిలేయాలి. ఒంట్లో వచ్చే మార్పు కూడా ప్లేస్‌మెంట్ గడువులో కనిపించదు. అల్బుమిన్ రక్తంలో సగానికి తగ్గడానికే ఇరవై రోజులు పడుతుంది. పైగా ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నా అది తగ్గుతుంది. అందుకే ఆ ఒక్క అంకె పెరగలేదని సలహా విఫలమైందనీ, పెరిగిందని ఫలించిందనీ అనలేం. విద్యార్థిని ఫైల్లో వదిలి వెళ్లిన అప్పగింత పత్రంలో నెలనెలా చూడాల్సినవి రాసి ఉన్నాయి: డ్రై వెయిట్, విడతకు ముందు పొటాషియం, ఫాస్ఫరస్, క్రియాటినిన్, పై చేయి చుట్టుకొలత. వాటి కింద, శనివారం రాత్రి ఉప్మాతో పాటు ఏం కలపవచ్చో కోడలితో ఇంకా మాట్లాడాల్సి ఉందని రాసి, తర్వాత వచ్చే డైటీషియన్‌కు ఆ పని అప్పగించింది.